తోటలో గాలి హోరు, గదిలో మోత: ఫోన్ రికార్డింగ్‌కి వైరు మైకా, వైర్‌లెస్ మైకా?

తోతాపురి_తోట (శనివారం, ఉదయం 7:10)

అందరికీ నమస్కారం. మాది పూతలపట్టు దగ్గర పల్లె. మామిడి తోట ఉంది, ఎక్కువ భాగం తోతాపురి. మా నాయన ఎన్నో ఏళ్ళుగా చేసిన సాగు గురించి చెబుతుంటే నేను ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. కొమ్మల కత్తిరింపు, పూత మీద తేనెమంచు పురుగు వచ్చినప్పుడు ఏం చేయాలి, కాయ ఎప్పుడు కోయాలి, ఇట్లాంటివి. చూసేవాళ్ళు విషయం బాగుందంటున్నారు, కానీ మాట వినపడలేదని కింద రాస్తున్నారు.

ఇబ్బంది రెండు చోట్ల ఉంది. తోటలో తీస్తే గాలి. ఈ జూన్, జూలైలో మా వైపు పడమటి గాలి ఎట్లా ఉంటుందో మీకు తెలుసు, వీడియో అంతా బుస్సుమని హోరు. సరే ఇంట్లో తీద్దామని మిద్దె మీద కొత్తగా కట్టిన గదిలో కూర్చోబెడితే మాట గింగురుమంటుంది. గది 12 అడుగులు, 10 అడుగులు. కింద టైల్స్, గోడలకు నున్నటి పుట్టీ, ఒక ఇనుప బీరువా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. ఫోన్ ట్రైపాడ్ మీద నాయనకు ఆరడుగుల దూరంలో ఉంటుంది.

తిరుపతిలో ఒక షాపులో అడిగితే, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న వైర్‌లెస్ కాలర్ మైక్ తీసుకుంటే గాలి, మోత రెండూ పోతాయన్నారు. నా దగ్గర 2,000 రూపాయలు ఉన్నాయి. ఫోన్‌కి టైప్-సి హోల్ తప్ప గుండ్రటి ఇయర్‌ఫోన్ హోల్ లేదు. ఏం కొనమంటారు?

టెక్_చిత్తూరు (ఉదయం 7:42)

వైర్‌లెస్ తీసుకో బ్రో, ఆలోచించాల్సిన పని లేదు. తోటలో వైరుతో తిరగడం అయ్యే పని కాదు. మైక్ మీద బటన్ ఉంటుంది, నొక్కితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ అవుతుంది, వెనకాల శబ్దం అంతా కట్. మా షాపులో ఫ్యాన్ కింద పెట్టి చూశాను, ఫ్యాన్ శబ్దం అసలు లేదు. గదికి గుడ్ల అట్టలు తెచ్చి నాలుగు గోడలకూ అతికించు, ఖర్చు వంద కూడా కాదు. స్టూడియోల్లో గోడలకు ఉండేది కూడా అట్లాంటిదే.

భారతం_అభిమాని (ఉదయం 8:05)

తమ్ముడూ, వైర్‌లెస్ అంటే బ్లూటూతే కదా. నా దగ్గర బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి, వాటితో రికార్డ్ చేస్తే ఫోన్‌లో ఎవరో మాట్లాడినట్టు పీలగా వస్తుంది. అందుకని వైరే మంచిదని నా అభిప్రాయం.

ఇదే విషయంలో నాకూ ఒక సాయం కావాలి. మా ఊరి ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో పద్దెనిమిది రోజులూ పగలు భారతం హరికథ, రాత్రి నాటకం జరుగుతాయి. పెద్ద స్పీకర్లు పెడతారు. కింద కూర్చుని ఫోన్‌లో తీస్తే అంతా పగిలిపోయి వస్తోంది. భాగవతారుకు ఈ కాలర్ మైక్ పెడితే సరిపోతుందా?

పలమనేరు_వ్లాగర్ (ఉదయం 8:31)

అన్నా, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వేరు, ఈ క్లిప్ మైకులు వేరు. ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ అయితే అది ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది, అందుకే గొంతు పీలగా వస్తుంది. క్లిప్ మైకులకు సొంత రిసీవర్ ఉంటుంది, అది టైప్-సి హోల్‌లో గుచ్చుకుంటుంది. చాలావాటిలో సిగ్నల్ అదే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో వెళ్ళినా బ్లూటూత్ కాల్ కాదు కాబట్టి గొంతు నిండుగా వస్తుంది.

నేను ఏడాదిగా అట్లాంటిదే వాడుతున్నాను. సౌకర్యం గురించి అనుమానమే లేదు. తలనొప్పి ఎక్కడంటే, మనిషి వీపు తిప్పి నడిస్తే మాట తెగుతుంది. డబ్బా మీద రాసిన దూరం మధ్యలో అడ్డం ఏమీ లేకపోతేనే. మన ఒళ్ళే పెద్ద అడ్డం, ఒంట్లో ఉన్న నీరు ఆ సిగ్నల్‌ని మింగేస్తుంది. జనం ఎక్కువ ఉన్న చోట, అందరి ఫోన్లూ ఆన్‌లో ఉన్న చోట ఇంకా కష్టం.

మైకు_మేస్త్రి (ఉదయం 10:20)

నేను తిరుపతిలో పెళ్ళిళ్ళకు, షార్ట్ ఫిల్ములకు సౌండ్ పని చేస్తాను. తోట తమ్ముడికి ముందుగా ఒక మాట. నీకు ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. వైరు, వైర్‌లెస్ అనేది ఆ రెంటికీ సంబంధం లేని మూడో విషయం. షాపులో మూడూ కలిపి ఒకే డబ్బాలో పెట్టి చూపిస్తారు.

గది సంగతి చూద్దాం. నాయన మాట ఫోన్‌కి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నోటి నుంచి నేరుగా. రెండోది టైల్స్, గోడలు, బీరువా, స్లాబు మీద పడి తిరిగి వచ్చేది. నేరుగా వచ్చేది దూరం పెరిగేకొద్దీ పడిపోతుంది. తిరిగి వచ్చేది మాత్రం గదిలో ఎక్కడ నిలబడినా దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. నువ్వు చెప్పినట్టు ఖాళీగా, నున్నగా ఉన్న చిన్న గదిలో నోటికి అటూ ఇటుగా ఒక అడుగు దూరం దాటితే నేరుగా వచ్చే గొంతు కంటే గోడలు తిప్పికొట్టేదే ఎక్కువైపోతుంది. నీ ఫోన్ ఆరడుగుల్లో ఉంది. అంటే నువ్వు రికార్డ్ చేస్తున్నది ఎక్కువగా గదిని.

మైక్‌ని నాయన చొక్కాకు, గడ్డానికి జానెడు కింద పెడితే దూరం తొమ్మిదో వంతు అవుతుంది. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ లెక్కన మోత కంటే గొంతు సుమారు 19 డెసిబెల్స్ ముందుకొస్తుంది. ఇది 700 రూపాయల వైరు మైక్‌తోనూ వస్తుంది, 7,000 వైర్‌లెస్‌తోనూ వస్తుంది. ఏ బటన్ నొక్కినా ఇంత రాదు.

నమ్మకం కుదరకపోతే ఏమీ కొనకముందే చూడు. ఆ గదిలోనే ఫోన్‌ని గడ్డం కింద జానెడు దూరంలో పట్టుకుని ఒక నిమిషం మాట్లాడించు. తర్వాత ట్రైపాడ్ మీద పెట్టి అవే మాటలు చెప్పించు. రెండూ ఇయర్‌ఫోన్స్‌లో విను, స్పీకర్‌లో వద్దు. మొదటి దాంట్లో మోత బాగా తగ్గితే నీకు కావాల్సింది దగ్గరగా పెట్టే మైక్. అప్పటికీ గట్టిగా ఉంటే గదికి కూడా పని ఉంది.

ఇంకో ప్రశ్న. ఇంట్లో గుండ్రటి ఇయర్‌ఫోన్ హోల్ ఉన్న పాత ఫోన్ ఏదైనా ఉందా? స్క్రీన్ పగిలినా ఫర్వాలేదు.

టెక్_చిత్తూరు (ఉదయం 10:48)

మేస్త్రి గారూ, దూరం మాట ఒప్పుకుంటాను. కానీ నాయిస్ క్యాన్సిలేషన్ పనికిరాదంటే ఎట్లా? నేను చెవులారా విన్నాను, ఫ్యాన్ శబ్దం పోయింది.

మైకు_మేస్త్రి (ఉదయం 11:15)

మీరు విన్నది నిజమే. ఫ్యాన్ హోరు ఎప్పుడూ ఒకే తీరున ఉంటుంది, దాన్ని గుర్తుపట్టి తీసేయడం ఆ చిప్‌కి తేలిక. గాలి అట్లా కాదు. బయట గాలి మైక్‌కి తగిలినప్పుడు మనం వినేది గాలి శబ్దం కాదు. లోపలి పలుచని పొరను గాలి నేరుగా తోసేస్తుంది, ఆ తోపుడే బుస్సుమని రికార్డ్ అవుతుంది. గట్టి విసురు వచ్చినప్పుడు ఆ పొర, దాని వెనకున్న సర్క్యూట్ తట్టుకోలేక మాట తలలు తెగిపోతాయి. తెగిపోయిన మాటను తర్వాత ఏ బటనూ, ఏ యాప్‌ తిరిగి పూర్తిగా తేలేవు. కాబట్టి గాలిని మైక్‌కి ముందే ఆపాలి.

గదిలో కూడా దానికి చిక్కే. తిరిగి వచ్చే మోత నాయన గొంతే కదా, చిప్‌కి ఏది అసలు, ఏది నీడ అని తెలియదు. మాట చివర్లు కోసేస్తుంది. 'కాయ', 'కొమ్మ' లాంటి మాటల చివరి అక్షరం మింగినట్టు వినిపిస్తే ఆ బటన్ ఆన్‌లో ఉందని అర్థం. మీరు ఫ్యాన్ కింద చేసిన పరీక్షనే బటన్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి చేసి మాట చివర్లు మాత్రం వినండి.

గుడ్ల అట్టల గురించి కూడా అదే. అవి పలుచన. 'స', 'ష' లాంటి పైశబ్దాలు కొద్దిగా తగ్గుతాయి, అందుకని చప్పట్లు కొడితే తేడా ఉన్నట్టే ఉంటుంది. మగ గొంతులో ఉండే కింది గుమ్మనే మోత అట్లాగే ఉండిపోతుంది. పైగా అవి త్వరగా నిప్పంటుకునే వస్తువు, కరెంటు వైర్లు ఉన్న గదిలో గోడలంతా అతికించడం నాకు ఇష్టం లేదు.

కథల_పిన్ని (మధ్యాహ్నం 1:30)

గది గురించి నేను చెప్పగలను. తిరుపతిలో మాది అపార్ట్‌మెంట్, పిల్లల కథలు ఫోన్‌లో చదివి పెడుతుంటాను. హాల్లో చదివితే మోత, పడక గదిలో చదివితే లేదు. పరుపు, దిండ్లు, దుప్పట్లు, బట్టల అలమర ఉండడమే కారణం. బాబూ, మీ నాయన గారిని ఆ ఖాళీ గదిలోనే కూర్చోబెట్టాలని ఏముంది? పరుపున్న గదిలో తీయండి.

ఆ గదే కావాలంటే బొంతలు వాడండి. ఎక్కడ వేలాడదీయాలన్నది ముఖ్యం. అందరూ మనిషి వెనకాల కడతారు, వీడియోలో కనపడుతుంది కాబట్టి. మాట ముందుకు వెళ్తుంది కదా, అందుకని మొదట కట్టాల్సింది మనిషికి ఎదురుగా, అంటే ఫోన్ వెనకాల. గోడకు ఆనించకుండా అర అడుగు ఎడం వదిలి తాడు మీద వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. పలుచని దుప్పటి ఒక పొర వేస్తే పెద్ద తేడా రాదు, మందంగా ఉండాలి. కింద టైల్స్ మీద జంపఖానా పరచండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఫ్యాన్ గాలి కూడా గాలే. సీలింగ్ ఫ్యాన్ కింద కాలర్ మైక్ పెట్టుకుంటే మైక్ మీదకే తోస్తుంది. ఎంత ఉక్కపోసినా రికార్డ్ చేసేటప్పుడు ఆపేస్తాను. నాలుగైదు నిమిషాలు చదవడం, ఫ్యాన్ వేసుకోవడం, మళ్ళీ చదవడం.

ఆడవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వారికి: మైక్‌ని కొంగుకు పెట్టకండి, కొంగు కదిలిన ప్రతిసారీ గరగర వస్తుంది. నల్లపూసలు, గొలుసు మైక్‌కి తగిలితే టక్ టక్ మంటుంది. నేను గొలుసు వెనక్కి వేసుకుని జాకెట్ అంచుకు పెట్టుకుంటాను. పట్టు చీర కంటే నూలు చీర నయం.

తోతాపురి_తోట (సాయంత్రం 6:40)

మేస్త్రి అన్నా, మీరు చెప్పిన పరీక్ష చేశాను. జానెడు దూరంలో పెట్టినప్పుడు నాయన పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంది. ట్రైపాడ్ మీద పెట్టింది నీళ్ళ తొట్టిలో మాట్లాడినట్టు ఉంది. అదే ఫోన్, అదే మైక్, ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. ఏమీ కొనకముందే సగం సంగతి తెలిసిపోయింది.

పిన్ని గారూ, పరుపున్న గది మా అవ్వది, ఆమె మధ్యాహ్నం పడుకుంటుంది. బొంతలు మాత్రం చాలా ఉన్నాయి, అవ్వ కుట్టినవే.

అన్నా, పాత ఫోన్ ఉంది. స్క్రీన్ మీద గీతలు పడ్డాయి, కానీ ఆన్ అవుతుంది. గుండ్రటి హోల్ ఉంది. దాంతో ఏం చేయాలి?

మైకు_మేస్త్రి (రాత్రి 9:05)

అయితే నీ పని తేలికైంది. వైరు కాలర్ మైక్ కొను, దాన్ని పాత ఫోన్‌కి గుచ్చు, ఆ ఫోన్ నాయన చొక్కా జేబులో పెట్టు. వాయిస్ రికార్డర్ యాప్‌లో ఆడియో అక్కడే రికార్డ్ అవుతుంది. కొత్త ఫోన్ వీడియో తీస్తుంది. తర్వాత రెండూ కలుపుతావు. నాయన తోటలో ఎంత దూరం వెళ్ళినా, వీపు తిప్పినా, చెట్టు చాటుకు పోయినా మాట తెగదు, ఎందుకంటే మాట గాలిలో ఎక్కడికీ ప్రయాణం చేయడం లేదు. వైర్‌లెస్ సౌకర్యంలో చాలా భాగం నీకు వైరు ఖర్చులో వచ్చినట్టే.

కొనేటప్పుడు పిన్ను చూడు. పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటే ఫోన్‌కి, రెండు ఉంటే కెమెరాకి. బోయా బీవై-ఎం1 లాంటి వాటిలో మధ్యలో చిన్న డబ్బా మీద స్విచ్ ఉంటుంది, దాన్ని ఫోన్ వైపు పెట్టాలి. ఫోన్‌కి వాడినప్పుడు దాంట్లో బ్యాటరీ అక్కర్లేదు. వైరు పొడవు 6 మీటర్లు ఉంటుంది, మిగిలింది చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి జేబులో పెట్టు.

ఇంటికి తెచ్చాక గోరు పరీక్ష చెయ్యి. రికార్డింగ్ ఆన్ చేసి మైక్ తల మీద గోరుతో మెల్లగా గీకు. తర్వాత ఫోన్ కింది అంచు దగ్గర గీకు. విన్నప్పుడు మైక్ తల మీద గీకింది పెద్దగా వినపడాలి. ఫోన్ అంచు దగ్గరిది పెద్దగా వినిపిస్తే బయటి మైక్ పనిచేయడం లేదు, ఫోన్ తన మైక్‌తోనే తీస్తోంది. చాలామంది ఇది చూడకుండా వారాల తరబడి ఫోన్ మైక్‌తోనే రికార్డ్ చేసుకుంటూ, కొన్న మైక్ బాగాలేదంటారు.

కలపడానికి: రెండు ఫోన్లూ రికార్డింగ్‌లో పెట్టి, నాయన ముందు నిలబడి వీడియోలో కనపడేట్టు గట్టిగా ఒక్క చప్పట కొట్టు. ఎడిటింగ్ యాప్‌లో రెండు చేతులూ కలిసిన ఫ్రేమ్ దగ్గరకు ఆడియోలో లేచిన గీతను జరిపితే పెదాలకు మాట సరిపోతుంది. చివర్లో ఇంకో చప్పట కొట్టు. రెండు ఫోన్ల గడియారాలు ఒక్క తీరున నడవవు, అరగంట సేపు ఆపకుండా తీస్తే చివరికి మాట కొంచెం జారవచ్చు. చివరి చప్పట దగ్గర అది తెలిసిపోతుంది. అయిదారు నిమిషాల ముక్కలుగా తీస్తే ఈ గొడవే ఉండదు.

రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, నీకు ఇంటికి వచ్చేదాకా తెలియదు.

పలమనేరు_వ్లాగర్ (రాత్రి 9:40)

అన్నా, మీరు చెప్పింది బాగుంది కానీ ప్రతి వీడియోకీ చప్పట కొట్టి కలపడం అందరికీ ఓపిక ఉంటుందా? నేను రోజూ వీడియో పెడతాను, ఆడియో వీడియోలోనే పడాలి. నాలాంటి వాళ్ళకు వైర్‌లెస్సే దారి. మనిషి వీపు తిప్పకుండా చూసుకోవాలి, రిసీవర్ మీద చెయ్యి పడకుండా ఫోన్ పట్టుకోవాలి, అంతే.

టైప్-సి రిసీవర్ కొనేవాళ్ళకు ఒక మాట. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి `OTG` విడిగా ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్ బయటి మైక్‌ని పట్టించుకోకపోతే ఓపెన్ కెమెరా యాప్ వేసుకుని, వీడియో సెట్టింగ్స్‌లో `Audio source` దగ్గర బయటి మైక్ ఎంచుకోండి. మేస్త్రి అన్న చెప్పిన గోరు పరీక్ష దీనికీ పనికొస్తుంది.

మైకు_మేస్త్రి (రాత్రి 10:02)

రోజూ పెట్టేవాళ్ళకు మీరన్నదే సరి. తోట తమ్ముడు వారానికి ఒకటో రెండో పెడతాడనుకుని చెప్పాను.

భారతం అన్నా, మీది వేరే సంగతి. అక్కడ భాగవతారుకు ముందే మైక్ ఉంది, మీరు రికార్డ్ చేస్తున్నది స్పీకర్ని. ఇంకో మైక్ పెట్టే బదులు సౌండ్ వాళ్ళ మిక్సర్ నుంచి ఒక లైన్ అడగండి. కాకపోతే ఆ లైన్‌ని నేరుగా ఫోన్ మైక్ హోల్‌కి ఇవ్వకండి, అది ఫోన్ తట్టుకునేదానికంటే చాలా ఎక్కువ, మళ్ళీ పగిలే వస్తుంది. లైన్ తీసుకునే రికార్డర్ గానీ, ఆడియో ఇంటర్‌ఫేస్ గానీ కావాలి. దొరక్కపోతే స్పీకర్లకు ఎదురుగా కాకుండా వేదిక పక్కన, స్పీకర్ల వెనక్కి చేరి ఫోన్ పెట్టండి. హార్మోనియం, మద్దెల అక్కడ నేరుగా వినపడతాయి. దీనికి విడిగా ఒక చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

భారతం_అభిమాని (రాత్రి 10:15)

సంతోషం మేస్త్రి గారూ. స్పీకర్ల వెనక్కి వెళ్ళడం నాకు తట్టలేదు. సౌండ్ అబ్బాయి మా ఊరివాడే, లైన్ అడుగుతాను.

తోతాపురి_తోట (మరుసటి శనివారం, ఉదయం 6:55)

వైరు మైక్ కొన్నాను. గోరు పరీక్ష పాసయింది. గదిలో తాడు కట్టి ఫోన్ వెనకాల రెండు బొంతలు మడతపెట్టి వేశాను, కింద జంపఖానా పరిచాను, ఫ్యాన్ ఆపాను. మోత పోయింది. కొద్దిగా ఉన్నా వినబుద్ధి అయ్యేంతే.

తోటలో మాత్రం ఇంకా గాలి ఉంది. మైక్‌తో వచ్చిన నల్ల స్పాంజి తొడుగు వేసే తీశాను. మెల్లగా వీచినప్పుడు బాగుంది, విసురు వస్తే మళ్ళీ బుస్సు. దాంతో పాటు ఇంకో గరగర కూడా వస్తోంది, గాలి లేనప్పుడు కూడా. తీసింది పదిన్నరకు, పడమటి గట్టు దగ్గర. నాయన పడమటి వైపు తిరిగి మాట్లాడారు, వెనకాల చెట్లు కనపడాలని.

కథల_పిన్ని (ఉదయం 7:30)

బాబూ, మీ నాయన గారు భుజాన తువ్వాలు వేసుకుంటారా? గరగర అదేనేమో చూడండి.

మైకు_మేస్త్రి (ఉదయం 8:10)

పిన్ని గారి అనుమానమే నాదీను. తువ్వాలు తీసి ఒకసారి, వేసుకుని ఒకసారి తల అటూ ఇటూ తిప్పమను, తెలిసిపోతుంది. చొక్కా గుండీల పట్టీ మీద, రెండో గుండీ దగ్గర క్లిప్పు పెట్టు. క్లిప్పుకు కింద వైరుని ఒక చిన్న చుట్టు తిప్పి ఆ చుట్టుని కూడా క్లిప్పులోనే ఇరికించు. నాయన వంగినప్పుడు లాగుడు ఆ చుట్టు మీద పడుతుంది, మైక్ తల దాకా రాదు.

ఇక గాలి. స్పాంజి ఇంట్లో ఫ్యాన్ గాలికి, నోటి నుంచి వచ్చే 'ప', 'ఫ' ఊదుడుకు సరిపోతుంది. తోట గాలికి బొచ్చు తొడుగు కావాలి. ఆ వెంట్రుకల మధ్య గాలి వేగం చచ్చిపోతుంది, మైక్ తల చుట్టూ కదలని గాలి కొంచెం మిగులుతుంది. మాట మాత్రం దాన్ని దాటి వస్తుంది. కాలర్ మైకుల సైజుకు విడిగా దొరుకుతాయి. దొరక్కపోతే పొడుగు బొచ్చు ఉన్న పాత బొమ్మ నుంచి ముక్క కోసి, బొచ్చు బయటకు ఉండేట్టు చిన్న సంచిలా కుట్టు. లోపలి గుడ్డ గాలి ఆడేదై ఉండాలి. వెనకాల రబ్బరు పూత ఉంటే మాట కూడా ఆగిపోతుంది. నోటికి ఆనించి ఊది చూడు, ఊపిరి అవతలికి రావాలి. స్పాంజి తీయకుండా దాని మీదే ఈ సంచి వేస్తే ఇంకా మంచిది. బొచ్చు తడిసినా, చెమటకు అతుక్కుపోయినా పనిచేయదు. మధ్యమధ్యలో వేళ్ళతో లేపుతుండు.

బొచ్చు వేశాక గొంతు కొంచెం మందంగా వినిపించవచ్చు. ఎడిటింగ్‌లో పైశబ్దం కాస్త పెంచుకోవచ్చు. 100 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టర్ ఉంటే అది కూడా పెట్టు, మిగిలిన హోరు తగ్గుతుంది. మగ గొంతు ఆ గీతకు దగ్గర్లోనే మొదలవుతుంది కాబట్టి అంతకంటే పైకి పోవద్దు.

అన్నిటికంటే ముందు నిలబడే చోటు మార్చు. పడమటి గాలికి ఎదురుగా నిలబెట్టావు, రొమ్ము మీద మైక్‌కి గాలి నేరుగా తగిలింది. నాయన వీపు పడమటికి రావాలి, అప్పుడు ఆయన ఒళ్ళే అడ్డం. గట్టు మీద కాకుండా నాలుగు వరసలు లోపలికి వెళ్ళు, కొమ్మలు కిందికి ఉన్న చెట్ల మధ్య గాలి బాగా తగ్గుతుంది. ఆకుల గలగల వస్తుంది, అది తోట శబ్దమే, వినడానికి ఇబ్బంది ఉండదు. ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది కాబట్టి ఏడు, ఎనిమిది లోపు తీయగలిగితే సగం పని అక్కడే అయిపోతుంది.

టెక్_చిత్తూరు (ఉదయం 9:00)

మేస్త్రి గారూ, మీరన్నట్టు బటన్ ఆన్, ఆఫ్ రెండూ రికార్డ్ చేసి విన్నాను. ఆన్‌లో మాట చివర్లు కొంచెం తెగుతున్నాయి, నిజమే. అయినా షాపులో నిలబడి రెండు ముక్కలు చెప్పడానికి నాకు ఆన్‌లోనే నచ్చింది, ఫ్యాన్, రోడ్డు మీద బండ్ల హోరు చాలా తగ్గుతోంది. నేను అట్లాగే వాడతాను.

మైకు_మేస్త్రి (ఉదయం 9:12)

అక్కడ అది పనికొస్తుంది, నేనూ కాదనను. పాట, హరికథ, నాదస్వరం లాంటివి తీసేటప్పుడు మాత్రం ఆపేయండి. సాగదీసిన స్వరాన్ని, శ్రుతిని అది ఫ్యాన్ హోరే అనుకుని తగ్గించేస్తుంది.

తోతాపురి_తోట (ఆదివారం, ఉదయం 9:35)

ఈరోజు ఆరున్నరకు తీశాం. గరగర తువ్వాలుదే. నాయన తువ్వాలు లేకుండా కెమెరా ముందుకు రానన్నారు, అందుకని దాన్ని రెండో భుజానికి మార్చి మైక్ ఇటు వైపు పెట్టాం. సరిపోయింది.

చెల్లెలి పాత బొమ్మ నుంచి బొచ్చు కోసి అమ్మ సంచి కుట్టింది, ఊది చూశాం, ఊపిరి వస్తోంది. వీపు పడమటికి పెట్టి అయిదో వరసలో నిలబెట్టాం. బుస్సు లేదు. కొమ్మ ఎక్కడ కోయాలో చూపించడానికి నాయన చెట్టు అవతలికి వెళ్ళి, అక్కడి నుంచే మాట్లాడారు. వీడియోలో మనిషి కనపడటం లేదు, మాట మాత్రం పక్కనే ఉన్నట్టు ఉంది.

ఒక్కటి అర్థం కాలేదు. బోరు మోటారు షెడ్డు పక్కన తీసిన ముక్కలో సన్నగా జుయ్యిమని వస్తోంది, మోటారు చప్పుడు కాదు. షెడ్డుకు దూరం పోతే లేదు. వైరు మైక్‌కి కూడా ఇట్లా వస్తుందా?

మైకు_మేస్త్రి (ఉదయం 10:20)

వస్తుంది. మోటారు, స్టార్టర్, కరెంటు తీగల దగ్గర పొడుగు వైరు ఏరియల్ లాగా పనిచేస్తుంది, నీ దగ్గర 6 మీటర్లు చుట్ట చుట్టి ఉంది. వైరు చుట్టుని ఇంకో జేబులోకి మార్చి, నాయనను షెడ్డుకు అటు తిప్పి చూడు. మోటారు ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి తియ్యి. ఆపినా ఉంటే అది తీగల నుంచి వస్తోంది, ఆపగానే పోతే మోటారు నుంచే. వినకుండా నేను తేల్చలేను, ఆ ముక్క ఇక్కడ పెట్టు.

పలమనేరు_వ్లాగర్ (ఉదయం 10:45)

మా బోరు దగ్గర నా వైర్‌లెస్‌కి జుయ్యి రాలేదు, కానీ టిక్ టిక్ మని తెగింది. నేనూ రేపు మోటారు ఆపి, వేసి రెండు ముక్కలు తీసి పెడతాను. పక్కపక్కన పెట్టి విందాం.